రెండుసార్లు ఐస్ వదిలిన ఆరు కిలోల చికెన్: ఒక క్యాటరింగ్ కిచెన్ కేసు

విజయవాడ శివార్లలో ఇంటి వెనక షెడ్డు వేసుకుని నడిపే చిన్న క్యాటరింగ్ అది. యజమాని, ఆయన భార్య, ఒక వంట మాస్టారు, ఇద్దరు హెల్పర్లు. నా పని వంటశాలల తనిఖీ, పనివాళ్లకు శుభ్రత మీద శిక్షణ. మే నెలలో ఒక గురువారం రాత్రి ఆ యజమాని ఫోన్ చేశారు. "మేడం, మంగళవారం రాత్రి మా భోజనం తిన్నవాళ్లలో పది మందికి పైగా పడిపోయారు. వాళ్ల ఇంటికెళ్లి క్షమాపణ చెప్పొచ్చాను. కానీ తప్పు ఎక్కడ జరిగిందో నాకే తెలియట్లేదు. ఆదివారం అదే చికెన్ నూట ముప్పై మంది తిన్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు."

ఆ చివరి మాట దగ్గర నా చెవి నిలబడింది. అదే చికెన్, ఆదివారం మంచిది, మంగళవారం చెడ్డది. మధ్యలో ఉన్నది ఫ్రీజర్ ఒక్కటే.

ఎవరు తిన్నారు, ఎవరు పడిపోయారు

మంగళవారం రాత్రి ఒక కాలనీ క్రికెట్ జట్టు పార్టీ. నలభై ఐదు ప్లేట్లు. చికెన్ లెగ్ పీసులు బొగ్గుల మీద కాల్చినవి, పులావు, తెల్లన్నం, సాంబారు, పెరుగు, ఉల్లిపాయ-నిమ్మకాయ ముక్కలు. జబ్బు పడింది పదకొండు మంది. మొదటి అబ్బాయికి బుధవారం ఉదయం పదకొండింటికి, అంటే తిన్న పదిహేను గంటలకు కడుపునొప్పి మొదలైంది. చివరివాళ్లకు గురువారం మధ్యాహ్నం. అందరికీ విరేచనాలు, ఎక్కువమందికి జ్వరం, కొందరికి వాంతులు. ఆసుపత్రిలో చేరిన ఒక్కరి మలపరీక్ష కల్చర్‌లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది.

లక్షణాలు మొదలైన సమయం చూసే సగం దారి తెలిసిపోయింది. తిన్న రెండు మూడు గంటల్లోనే అందరూ వాంతులు చేసుకుంటే నేను స్టెఫిలోకాకస్ విషం గురించి ఆలోచించేదాన్ని. అది చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి వండిన పదార్థంలోకి చేరి, ముందే విషం తయారుచేసి పెడుతుంది. ఇక్కడ గంటలు ఎక్కువ, జ్వరం ఉంది. సాల్మొనెల్లా కడుపులోకి చేరాక ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. అది ముఖ్యంగా పచ్చి కోడిమాంసంతో వచ్చే జీవి.

నన్ను నిజంగా ఆపేసింది పదకొండో మనిషి. జట్టులో ఒకబ్బాయి వాళ్లమ్మ. ఆవిడ మంగళవారం నీచు ముట్టరు. ఆ రాత్రి తిన్నది తెల్లన్నం, సాంబారు, పెరుగు, ఉల్లిపాయ ముక్కలు. చికెన్ వాసన కూడా తగలకుండా విడిగా కూర్చుని తిన్నారట. అయినా ఆవిడకీ అదే జ్వరం, అవే విరేచనాలు. అంటే ఒక్క చికెన్ ముక్కల దగ్గర వెతికితే సరిపోదు. చికెన్‌లోంచి కారినది ఇంకెక్కడికి వెళ్లిందో కూడా వెతకాలి.

గంటలు లెక్కపెట్టడం

శుక్రవారం ఉదయం షెడ్డుకి వెళ్లాను. మాస్టారిని కూర్చోబెట్టి, శనివారం రాత్రి నుంచి మంగళవారం రాత్రి దాకా చికెన్ ఎక్కడెక్కడ ఉందో ఒక్కో గంటా అడిగాను. ఇలాంటి విచారణలో నేను ఎవరినీ "ఎందుకు చేశావు" అని అడగను. "తర్వాత ఎక్కడ పెట్టారు" అని మాత్రమే అడుగుతాను. భయపడిన మనిషి వరస తప్పి చెబుతాడు.

శుక్రవారం కొన్న ఇరవై కిలోల చికెన్ ఐదేసి కిలోల కవర్లలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టారు. రాయిలా గడ్డకట్టింది. శనివారం రాత్రి పదింటికి కవర్లు చింపి, ముద్దల్ని పెద్ద స్టీలు బేసిన్లలో వేసి, కుళాయి నీళ్లు నింపి వదిలేశారు. ఉదయం ఐదింటికి అంతా మెత్తబడింది. అందులోంచి పద్నాలుగు కిలోలు ఆదివారం మధ్యాహ్నం కూరకు పోయింది. మిగిలిన ఆరు కిలోల లెగ్ పీసులు ప్లాట్‌ఫారం మీద బేసిన్‌లోనే ఉన్నాయి. వంట హడావుడి తగ్గాక ఎనిమిదిన్నరకు ఎవరో గుర్తొచ్చి, వాటన్నిటినీ ఒకే కవర్లో కుక్కి ఫ్రీజర్‌లో వేశారు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ ముద్దను సింక్‌లో పెట్టి, కుళాయి సన్నగా తిప్పి వదిలారు. మూడింటికి పై ముక్కలు ఊడివచ్చాయి, నడిమి ముక్కలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. "పర్లేదులే, నిప్పు మీద సర్దుకుంటుంది" అనుకున్నారు. మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టారు. ఏడింటికి బొగ్గుల మీదికి ఎక్కించారు.

"మరి చెడు వాసన రాలేదా మాస్టారూ?" అని అడిగాను.

"లేదమ్మా. చేత్తో ముట్టుకుంటే చల్లగానే ఉంది. వాసనొస్తే నేనెందుకు వండుతాను?"

ఆయన అబద్ధం చెప్పలేదు. వాసన తెచ్చే బ్యాక్టీరియా వేరు, జబ్బు తెచ్చేవి వేరు. సాల్మొనెల్లా ఎంత పెరిగినా మాంసం రంగు, వాసన మారకపోవచ్చు. చల్లగా ఉందన్న మాట కూడా నిజమే. ఆ చలవే ఇక్కడ మోసం చేసింది. అదెలాగో చూడాలని నేను ఆ వారమే అదే షెడ్డులో, అదే బేసిన్‌లో ఒక పరీక్ష పెట్టాను.

బేసిన్‌లో థర్మామీటరు

ఐదు కిలోల గడ్డ చికెన్, పదిహేను లీటర్ల నీళ్లు. రాత్రి పదింటికి సింటెక్స్ ట్యాంకు నుంచి వచ్చిన నీటి వేడి 36 డిగ్రీలు. మేలో పగలంతా డాబా మీద ఎండలో ఉన్న నల్ల ట్యాంకు అది, రాత్రి పదైనా చల్లారదు. షెడ్డులో గాలి 32. ఒక థర్మామీటరు నీటిలో, ఒక పుల్ల థర్మామీటరు ముద్ద నడిమధ్యలో.

మొదటి గంటలో నీరు 36 నుంచి 22కి పడిపోయింది. ఐస్ కరగడానికి చాలా వేడి తాగుతుంది, అది నీటి నుంచే లాక్కుంటుంది. మూడు నాలుగు గంటలకు నీరు 15, 16 దగ్గర నిలబడింది, ముద్ద నడుమ అప్పుడే సున్నా దాటింది. ఈ దశలో ఎవరైనా చెయ్యి పెడితే "అబ్బా, ఎంత చల్లగా ఉందో" అంటారు. ఆ చలవ లోపల మిగిలిన ఐస్ ఇచ్చింది. ఐస్ అయిపోయిన క్షణం నుంచి నీటిని చల్లబరిచేది ఏమీ లేదు. ఉదయం ఐదింటికి నీరు 23, మాంసం 22. ప్లాట్‌ఫారం మీద ఇంకో మూడున్నర గంటలు ఉంచితే ముక్కలు 27కి చేరాయి.

మాంసం గురించి ఆహార భద్రతలో అందరూ ఒప్పుకునే గీత ఒకటుంది. 5 డిగ్రీల కింద చాలా జబ్బు బ్యాక్టీరియా పెరుగుదల ఆగిపోతుంది లేదా బాగా మందగిస్తుంది, 60 పైన ఉంచితే పెరగదు. నడిమి మేర ప్రమాదకరం. అందులోనూ 20 నుంచి 45 దాకా సాల్మొనెల్లాకు పండగ. ఒంటి వేడి దగ్గర అర గంట లోపే రెట్టింపవుతుంది. 10 డిగ్రీల దగ్గర చాలా నెమ్మది. కాబట్టి ఆ బేసిన్‌లో మొదటి నాలుగు గంటలకంటే చివరి మూడు గంటలు, తర్వాత ప్లాట్‌ఫారం మీది మూడున్నర గంటలు ఎక్కువ చేటు చేశాయి.

మాస్టారికి చెప్పినట్టే మీకూ చెబుతాను. గడ్డ చికెన్ ఎప్పుడూ ఒకే వేడిలో ఉండదు. పైన రెండు వేళ్ల మందం వేడెక్కి ఉంటుంది, నడుమ ఇంకా రాయి. బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది పైపొరల్లోనే. మనం ఎదురుచూసేది నడుమ కోసం, పాడయ్యేది పైపొర. పైగా కరిగిన పొర వేడిని లోపలికి సరిగ్గా పోనివ్వదు. ఐస్ వేడిని నీటికంటే మూడు నాలుగు రెట్లు సులువుగా ప్రసరింపజేస్తుంది. అందుకే గడ్డకట్టడానికంటే కరగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎంత పెద్ద ముద్దైతే అంత ఎక్కువసేపు పైపొర వేడిలో నానుతుంది.

తిరిగి ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు ఏం జరిగింది

"ఫ్రీజర్‌లో పెడితే పురుగులు చచ్చిపోతాయి కదా మేడం?" యజమాని భార్య అడిగారు. చాలా ఇళ్లలో ఇదే నమ్మకం. మైనస్ 18లో కొంత బ్యాక్టీరియా చస్తుంది, కొంత దెబ్బతింటుంది, మిగతాది నిద్రపోతుంది. ఐస్ వదిలాక దెబ్బతిన్నవి కూడా కోలుకుని లేస్తాయి. ఆదివారం ఉదయం లెగ్ పీసుల మీద ఎంత ఉందో, మంగళవారం మధ్యాహ్నం దాదాపు అక్కడి నుంచే లెక్క మళ్లీ మొదలైంది. ఫ్రీజర్ గడియారాన్ని ఆపుతుంది. ముల్లును వెనక్కి తిప్పదు.

అసలు ఆపడం కూడా వెంటనే జరగదు. ఇది చాలామంది ఆలోచించని సంగతి. 27 డిగ్రీల్లో ఉన్న ఆరు కిలోల ముక్కల్ని ఒకే కవర్లో గుండ్రంగా కుక్కి డీప్ ఫ్రీజర్‌లో పెడితే, పై ముక్కలు గంటలో చల్లారతాయి. నడిమి ముక్కలు? నేను మళ్లీ పుల్ల థర్మామీటరు గుచ్చి చూశాను. నడుమ 5 డిగ్రీల కిందికి రావడానికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. పూర్తిగా గట్టిపడేసరికి సాయంత్రం దాటింది. అంటే మాస్టారు "ఫ్రీజర్‌లో పెట్టేశాం" అనుకున్నాక కూడా నడిమి ముక్కలు నాలుగు గంటలు ప్రమాదకరమైన వేడిలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఆరు కిలోల లెక్క కూడండి. శనివారం రాత్రి బేసిన్‌లో ఏడు గంటలు, ఆదివారం ప్లాట్‌ఫారం మీద మూడున్నర, ఫ్రీజర్‌లో చల్లారేలోపు ఒకటి నుంచి నాలుగు, మంగళవారం వేడి కుళాయి నీటి కింద పై ముక్కలకు ఇంకో మూడు. ఎటు చూసినా పద్నాలుగు గంటలకు పైనే. సాధారణంగా చెప్పే హద్దు బయట మొత్తం రెండు గంటలు, గాలి 32 డిగ్రీలు దాటితే ఒక గంట.

ఇంకొక సంగతి, సింక్‌లో నేను కళ్లారా చూసినది. మొదటిసారి ఐస్ వదిలిన చికెన్‌కీ, రెండోసారి వదిలిన దానికీ పక్కపక్కనే జల్లెడ పెట్టి చూడండి. రెండోదాని కింద ఎర్రటి నీరు ఎక్కువ కారుతుంది. ఇంటి ఫ్రీజర్‌లో మాంసం నెమ్మదిగా గడ్డకడుతుంది కాబట్టి ఐస్ పలుకులు పెద్దవిగా పెరిగి కండ కణాల గోడల్ని చీలుస్తాయి. కరిగినప్పుడు లోపలి రసం బయటికి వస్తుంది. రెండోసారి ఇంకొన్ని గోడలు చిరుగుతాయి. ముక్క పీచుగా, పొడిగా అవుతుందని వంటవాళ్లకు తెలుసు. ఆ రసంలో ప్రొటీన్లు ఉంటాయి, తడి ఉంటుంది, బ్యాక్టీరియాకు కావలసినవన్నీ ఉంటాయి. పైగా అది కారుతుంది, చిందుతుంది. మనం వెతుకుతున్న పదకొండో మనిషి దగ్గరికి వెళ్లిన దారి అదే.

సింక్‌కు ఎడమవైపు నల్లరాతి ప్లాట్‌ఫారం. మంగళవారం మధ్యాహ్నం ఒక హెల్పరు అక్కడే ఉల్లిపాయలు తరిగాడు. కుళాయి కింద ముద్ద మీద పడ్డ నీరు చిందుతూనే ఉంది. మూడింటికి ముక్కలు విడదీసిన చేత్తోనే చాకు అందుకున్నాడు. చెయ్యి కుళాయి కింద పెట్టి "కడిగాను" అన్నాడు, సబ్బు లేదు. ఉల్లిపాయ, నిమ్మకాయ వండేవి కావు కదా. వాటి మీద పడిన దానికి మంట తగిలే అవకాశమే లేదు.

మరి ఆదివారం నూట ముప్పై మందికి ఎందుకేమీ కాలేదు? ఆ రోజు చికెన్ కూర. చిన్న ముక్కలు, గ్రేవీలో ముప్పావు గంట తెర్లిన కూర. 74 డిగ్రీలు నడుమ దాకా తగిలితే సాల్మొనెల్లా మిగలదు. మంగళవారం లెగ్ పీసులు లావు, పైగా నడుమ ఐస్‌తోనే నిప్పు మీదికి ఎక్కాయి. పైన నల్లగా మాడింది, ఎముక దగ్గర ఉడకలేదు. "ఎముక దగ్గర ఎర్రగా ఉంది" అని ఇద్దరు కుర్రాళ్లు చెప్పారు కూడా. ఇక్కడ ఒక్క మాట. ఫ్రీజర్‌లో పెట్టిన కోడిలో ఎముక మూలుగ రంగు బయటికి ఊరి, పూర్తిగా ఉడికినా ఎముక చుట్టూ ఎర్రగా, నల్లగా కనిపించొచ్చు. కాబట్టి ఎరుపును బట్టి తీర్పు చెప్పలేం. పుల్ల థర్మామీటరు ఒక్కటే చెబుతుంది. మాస్టారి దగ్గర అది లేదు. ఎనిమిది వందల రూపాయల వస్తువు.

ఆ రోజు చికెన్ ఒక్క ముక్కా మిగల్లేదు, కాబట్టి ల్యాబ్‌కు పంపడానికి లేదు. పది మంది కాల్చిన ముక్కల వల్ల పడ్డారా, ఉల్లిపాయల వల్ల పడ్డారా విడదీయలేను. రెండూ తిన్నవాళ్లే ఎక్కువ. ఆ ఒక్క తల్లి మాత్రం ఉల్లిపాయల దారిని చూపించారు.

ఎలా మార్చాం

ముందు కొనుగోలు దగ్గర మొదలుపెట్టాం. ఐదు కిలోల ముద్దలు కట్టడం మానేశాం. రెండేసి కిలోలు, గట్టి జిప్ కవర్లో, గాలి తీసేసి, అరచేత్తో ఒత్తి రెండంగుళాల మందానికి పలక చేసి ట్రేలో పరచి గడ్డకట్టించాలి. ఒకదాని మీద ఒకటి పేర్చడం గడ్డకట్టాకే. ప్రతి కవరు మీద తేదీ. ఇదొక్కటి మారిస్తే మిగతా అంతా సులువు. ఇప్పుడు ఆరు కిలోలు కావాలంటే మూడు పలకలు తీస్తారు. ఇరవై కిలోలు విప్పి ఆరు కిలోలు మిగిల్చే పరిస్థితి రాదు. ఆలోచిస్తే తిరిగి ఫ్రీజర్‌లో పెట్టాల్సిన అవసరం పుట్టేదే పెద్ద ముద్ద వల్ల.

తర్వాత ఫ్రిజ్. ఇది నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే ఇందులో ఎవరూ కాపలా కాయక్కర్లేదు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పైపొర కూడా 5 దాటదు. రెండు కిలోల పలకకు ఒక రోజు పట్టింది. పాత పద్ధతి ఐదు కిలోల గుండ్రటి ముద్ద అయితే మూడో రోజుకు గానీ నడుమ విడిచేది కాదు. ఆదివారం వంటకు శుక్రవారం రాత్రే డీప్ ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చాలి. అట్టడుగు అరలో, అంచులున్న ట్రేలో, ఎందుకంటే కారుతుంది. దాని కింద ఏమీ ఉండకూడదు. విడిచాక కోడి మాంసం, కీమా ఒకటి రెండు రోజుల్లో వండాలి. మటన్ ముక్కలైతే మూడు నుంచి ఐదు రోజులు ఆగుతాయి.

ఫ్రిజ్ పద్ధతికి ఇంకో లాభం ఉంది, చాలామంది "ఒకసారి ఐస్ వదిలితే మళ్లీ ఫ్రీజ్ చేయనే కూడదు" అని మొత్తంగా చెప్పేస్తారు కాబట్టి విడిగా చెబుతున్నాను. ఫ్రిజ్ లోపలే, 5 దాటకుండా విడిచిన మాంసాన్ని ఆ ఒకటి రెండు రోజుల్లోపు పచ్చిగానే తిరిగి ఫ్రీజ్ చేస్తే జబ్బు ప్రమాదం పెద్దగా పెరగదు. రుచి, మెత్తదనం మాత్రం పోతాయి. కరెంటు పోయి ఫ్రీజర్ కరిగినా ఇదే కొలత. ముక్కల్లో ఐస్ పలుకులు ఇంకా ఉంటే, లేదా 5 లోపే ఉంటే తిరిగి పెట్టొచ్చు. నీటిలో విడిచినవి, మైక్రోవేవ్‌లో విడిచినవి పచ్చిగా తిరిగి పెట్టకూడదు. వండి, చల్లార్చి పెట్టుకోవచ్చు. బయట గంటలు గడిపినవి అసలు ఏ లెక్కలోకీ రావు, పారేయాలి.

కానీ ఇంట్లో ఒక విషయం గుర్తుంచుకోవాలి. మేలో నిండుగా కుక్కిన సింగిల్ డోరు ఫ్రిజ్, పిల్లలు గంటకు పదిసార్లు తలుపు తెరిచేది, 4 డిగ్రీల్లో ఉండదు. నేను ఇళ్లలో కొలిచినప్పుడు 8, 9 చూపించినవి చాలా. గ్లాసు నీళ్లలో థర్మామీటరు వేసి నడిమి అరలో రాత్రంతా ఉంచి, పొద్దున్నే తలుపు తెరవగానే చూస్తే మీ ఫ్రిజ్ సంగతి తెలుస్తుంది.

చల్లటి నీళ్లంటే ఏ నీళ్లు

తొందరగా కావలసినప్పుడు చల్లటి నీటి పద్ధతి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే నియమం తేలికే. నీరు చొరబడని కవర్లో మాంసం ఉంచి చల్లటి కుళాయి నీటిలో ముంచాలి, ప్రతి అర గంటకూ నీరు మార్చాలి, విడిచిన వెంటనే వండాలి. అరకిలో ప్యాకెట్‌కు గంట, కిలోన్నర దరిదాపు ప్యాకెట్‌కు రెండు మూడు గంటలు. గాలికంటే నీరు వేడిని చాలా వేగంగా అందిస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లో రోజు పట్టే పని రెండు గంటల్లో అవుతుంది.

ఇక్కడే మన ఊళ్లలో ఆ నియమం తలకిందులవుతుంది. వాళ్ల చలిదేశపు కుళాయిలో నీరు చల్లగా వస్తుంది. అమెరికాలో హోటళ్ల నియమాల్లో పారే నీరు 21 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. మన ట్యాంకు నీరు మేలో 36. ఆ నీటిని అర గంటకోసారి మార్చడమంటే అర గంటకోసారి కొత్త వేడి పోయడమే. మంగళవారం మాస్టారు చేసిందీ ఇదే. కుళాయి తిప్పి వదలడం మంచి పద్ధతే అని ఎక్కడో విన్నారు. నీటి వేడి ఎవరూ చెప్పలేదు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 నిబంధనల షెడ్యూల్ 4 ఆధారంగా క్యాటరింగ్‌లకు ఉన్న తనిఖీ పట్టికలో మాంసం, కోడి, చేపలను 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో గానీ మైక్రోవేవ్‌లో గానీ విడిపించాలని ఉంది. పారే నీటి పద్ధతి 15 డిగ్రీల లోపు, తొంభై నిమిషాల్లోపు అని కూరగాయలు, రొయ్యల్లాంటి వాటికి ఇచ్చారు. విడిపించినదాన్ని తర్వాతకు దాచకూడదనీ ఉంది. కాబట్టి ఈ క్యాటరింగ్‌కు నేను రాసి ఇచ్చిన పద్ధతి ఫ్రిజ్ ఒక్కటే. నీటి పద్ధతి ఇళ్లకు.

ఇంట్లో కిలో చికెన్ ప్యాకెట్‌కు ఇలా చేయండి. ఫ్రిజ్‌లోని నీళ్ల సీసాలు రెండు, కుళాయి నీరు ఒక సీసా కలిపితే సుమారు 17, 18 డిగ్రీలు వస్తుంది. ప్యాకెట్ పూర్తిగా మునగాలి, తేలితే పైన గిన్నె పెట్టండి. అర గంటకోసారి తీసి తిప్పి, నీరు మార్చండి. ఎక్కువ కావాలంటే ఐస్. 36 డిగ్రీల నీరు పది లీటర్లను 20కి తేవాలంటే కిలోన్నర ఐస్ పడుతుంది. షెడ్డులో చూసినప్పుడు రెండు కిలోల పలక రెండున్నర గంటల్లో విడిచింది, పైపొర 15 దాటలేదు. డిసెంబరు ఉదయం ట్యాంకు నీరు దానంతటదే 20, 22 ఉంటుంది, అప్పుడు ఐస్ అక్కర్లేదు. కవరు చినిగితే మాంసం నీరు తాగుతుంది, బేసిన్ అంతా కోడి రసం అవుతుంది. అప్పుడు సింక్ మొత్తం సబ్బుతో కడగాల్సిందే. పసుపు, ఉప్పు వేసి చికెన్ కడగడం గురించి కూడా అడుగుతారు. వాటి వల్ల సాల్మొనెల్లా పోదు. ఆ కడుగుడు నీరే చుట్టూ చిందుతుంది.

వేడి నీళ్లు పోయడం, ఎండలో పెట్టడం గురించి మాట్లాడను. మైక్రోవేవ్ వాడొచ్చు, అంచులు ఉడకడం మొదలవుతుంది కాబట్టి వెంటనే పొయ్యి ఎక్కించాలి. తొందరుంటే గడ్డ చికెన్‌ను విడవకుండానే గ్రేవీలో వేసి ఉడికించొచ్చు, సమయం సుమారు సగం ఎక్కువ పడుతుంది. కాల్చడానికి, వేయించడానికి మాత్రం నడుమ దాకా విడిచి ఉండాలి.

నాలుగు నెలల తర్వాత

సెప్టెంబరులో మళ్లీ వెళ్లాను. పలకలు, తేదీలు ఉన్నాయి. ఫ్రిజ్ కింది అరలో ట్రే ఉంది, అందులో రెండు పలకలు, మార్కర్‌తో "శుక్ర రా 9" అని రాసి ఉంది. ఉల్లిపాయలు తరిగే చోటు షెడ్డు అవతలి గోడ దగ్గరికి మారింది. పుల్ల థర్మామీటరు మాస్టారి జేబులో పెన్నులా ఉంది. దాన్ని ఐస్ నీళ్లలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో ఆయనే నాకు చూపించారు.

కుదరనిది ఒకటి మిగిలింది. ముహూర్తాల వారంలో వరుసగా ఐదారు ఆర్డర్లు వస్తే అరవై కిలోలు ఒకేసారి విడిపించాలి. ఆ ఫ్రిజ్‌లో ముప్పై పడితే గొప్ప. యజమాని ఇంకో నిలువు ఫ్రిజ్ అద్దెకు తెస్తానన్నారు, అప్పటిదాకా ఆ వారాల్లో గడ్డకట్టించని తాజా చికెన్ తెల్లవారుజామున తెప్పించుకుంటున్నారు. షాపు నుంచి షెడ్డుకు బైకు మీద నలభై నిమిషాలు, ఐస్ పెట్టె లేకుండా. ఆ నలభై నిమిషాల గురించి వచ్చే నెల మాట్లాడుకోవాలని పుస్తకంలో రాసుకున్నాను.